చెక్ బౌన్స్ కేసు: చివరి రోజు సంక్రాంతి అయితే గడువు దాటినట్టా?

కాశీబుగ్గ_జీడి
మాది జీడిపప్పు వ్యాపారం. విజయనగరంలో ఒక హోల్‌సేల్ ఆయనకు సరుకు పంపాం, ఆయన ఇచ్చిన చెక్ బౌన్స్ అయింది. లాయరు గారి చేత నోటీసు ఇప్పించాం. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది, దాని మీద ఆయన సంతకం, కింద 28-11-2024 అని తేదీ ఉన్నాయి. డబ్బు మాత్రం రాలేదు. సంక్రాంతి సెలవులు అయ్యాక కోర్టు తెరిచిన మొదటి రోజునే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు వేశాం. నంబరు అయింది, సమన్లు కూడా వెళ్ళాయి.

ఇప్పుడు అవతలి లాయరు ఈ కేసుకు కాలదోషం పట్టింది, కొట్టెయ్యండి అని పిటిషన్ వేశాడు. ఆయన లెక్క ప్రకారం మా గడువు జనవరి 12తోనే అయిపోయిందట. మా లాయరు గారేమో 14 దాకా ఉంది, 14 పండగ కాబట్టి ఇబ్బంది లేదంటున్నారు. ఆఫీసులో జూనియరును అడిగితే 13 అన్నాడు. ముగ్గురూ చూసింది ఆ ఒక్క కార్డునే. మూడు తేదీలు ఎలా వస్తున్నాయి? సరుకు డబ్బు పోయిన బాధ ఒకటైతే, ఇప్పుడు ఈ తేదీల టెన్షన్ ఇంకొకటి.

చీపురుపల్లి_రాజు
విజయనగరం పార్టీ అయితే విజయనగరంలో కదా వెయ్యాలి? ముందు అది చూసుకోండి.

కాశీబుగ్గ_జీడి
కాదండి. చెక్ మా ఖాతాలో వేశాం, మా బ్రాంచి ఇక్కడే ఉంది. 2015లో చట్టం మార్చాక మన బ్రాంచి ఉన్న చోటే కేసు వెయ్యాలన్నారు. అందులో గొడవ లేదు. తేదీల సంగతే తేలట్లేదు.

పెద్దగుమస్తా
ముప్ఫై ఏళ్ళు ఫైలింగ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషిని. నోటీసు అందిన దగ్గర్నుంచి పదిహేను రోజులు, ఆ తర్వాత ముప్ఫై రోజులు. అంతే లెక్క. నవంబరు 28 వదిలేస్తే పదిహేనో రోజు డిసెంబరు 13. అక్కడి నుంచి కేసు పుట్టిన రోజు వదిలేసి ముప్ఫై లెక్కపెడితే జనవరి 13. మీ జూనియరు చెప్పిందే కరెక్టు.

రాజాం_స్వాతి
పెద్దగుమస్తా గారూ, మొదటి సగం మీరు చెప్పినట్టే. కానీ చట్టంలో ముప్ఫై రోజులు అని లేదండి, ఒక నెల అని ఉంది. అదే చట్టం 142వ సెక్షన్‌లో చూడండి. జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నెల అంటే క్యాలెండరు నెల, దాన్ని ముప్ఫై రోజులుగా లెక్కపెట్టరు. మధ్యలో డిసెంబరు 31 వచ్చింది కాబట్టి ఒక రోజు తేడా పడింది. అందుకే జూనియరుకు 13, సీనియరుకు 14.

పెద్దగుమస్తా
నోటీసుకు ముప్ఫై రోజులు అని ఉంది కదమ్మా?

రాజాం_స్వాతి
నోటీసుకు ముప్ఫై రోజులే. చెక్ తిరిగొచ్చిన సమాచారం అందాక నోటీసు పంపడానికి ముప్ఫై రోజులు, నోటీసు అందాక డబ్బు కట్టడానికి పదిహేను రోజులు, కట్టకపోతే కేసు వెయ్యడానికి ఒక నెల. మూడూ వేరు. మొదటి రెండిటికీ రోజులు లెక్కపెట్టాలి, మూడోదానికి మాత్రం క్యాలెండరు తిప్పాలి.

గంటస్తంభం_వకీలు
స్వాతి గారు చెప్పింది సరైనదే. జీడి గారి కేసును ఒక్కో తేదీ పెట్టి చూద్దాం, అప్పుడు అవతలి లాయరుకు 12 ఎలా వచ్చిందో కూడా తెలుస్తుంది.

నోటీసు నవంబరు 28న అందింది. ఆ రోజును లెక్కలోకి తీసుకోకూడదు. 28న మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ కవరు ఇస్తే, ఆ రోజులో ఆయన చేతికి సగమే దక్కినట్టు. చట్టం పదిహేను రోజులు ఇచ్చిందంటే నిండుగా పదిహేను ఇవ్వాలి. కాబట్టి 29 మొదటి రోజు, 30 రెండో రోజు. అలా డిసెంబరు 13 పదిహేనోది. 13 రాత్రి దాకా ఆయన డబ్బు కట్టొచ్చు, అంతవరకు మనకు కేసు లేదు. కట్టలేదు కాబట్టి 14న కేసు పుట్టింది. దాన్నే మేం కాజ్ ఆఫ్ యాక్షన్ అంటాం.

ఇప్పుడు నెల. ఇక్కడా మొదటి రోజును, అంటే డిసెంబరు 14ను వదిలెయ్యాలి. 15 నుంచి మొదలుపెడితే నెల జనవరి 14తో నిండుతుంది. సులువుగా గుర్తుండాలంటే కేసు పుట్టిన తేదీ ఏదో, వచ్చే నెల అదే తేదీ చివరి రోజు. జనవరి 31న పుడితే ఫిబ్రవరిలో 31 లేదు కాబట్టి ఫిబ్రవరి ఆఖరి రోజుతో సరి.

అవతలి ఆయన రెండు చోట్లా మొదటి రోజును కలిపేశాడు. నవంబరు 28ని ఒకటో రోజుగా పట్టుకుంటే పదిహేను రోజులు డిసెంబరు 12తో అయిపోతాయి. 13న కేసు పుట్టిందని, ఆ 13ని కూడా నెలలో కలిపితే జనవరి 12 వస్తుంది. మీకు కనబడుతున్న రెండు రోజుల తేడా అదే.

కాశీబుగ్గ_జీడి
ఇది మా లాయరు గారు కూడా ఇంత విడమర్చి చెప్పలేదండి. మరి మొదటి రోజు వదిలెయ్యాలని ఎక్కడుంది? అవతలి ఆయన ఏదో సుప్రీంకోర్టు తీర్పు కూడా పెట్టాడు, అందులో వదలక్కర్లేదని ఉందంట.

రాజాం_స్వాతి
1999లో సిల్ ఇంపోర్ట్ కేసులో అలా వచ్చింది. అదే ఏడాది సాకేత్ ఇండియా కేసులో వదిలెయ్యాలని వచ్చింది. రెండూ సుప్రీంకోర్టువే, రెండూ ఇద్దరేసి జడ్జీలవే. చాలా ఏళ్ళు ఎవరికి అనుకూలమైంది వాళ్ళు చూపించుకున్నారు. 2013లో ఎకాన్ ఆంట్రీ కేసులో ముగ్గురు జడ్జీలు కూర్చుని సాకేత్ చెప్పిందే సరైనదని తేల్చేశారు. అవతలి ఆయన పెట్టింది సిల్ ఇంపోర్ట్ అయితే మీ లాయరు గారు ఎకాన్ ఆంట్రీ పెడితే చాలు.

సాకేత్ కేసు తేదీలు మీ కేసుకు అచ్చం సరిపోతాయి. అందులో నోటీసు 1995 సెప్టెంబరు 29న అందింది. పదిహేను రోజులు అక్టోబరు 14తో ముగిశాయి. 15న కేసు పుట్టింది. కంప్లైంట్ నవంబరు 15న వేశారు. గడువులోనే ఉందన్నారు.

బొబ్బిలి_సూరి
ఇంత లెక్క దేనికండి? మధ్యలో ఆదివారాలు, రెండో శనివారాలు, క్రిస్మస్ అన్నీ తీసేస్తే జనవరి నెలాఖరు దాకా టైం ఉంటుంది. క్లియర్ డేస్ అంటారు కదా, పని రోజులే లెక్క.

గంటస్తంభం_వకీలు
సూరి గారూ, మధ్యలో వచ్చే సెలవులు ఒక్కటీ తీసెయ్యరు. పండగ గానీ ఆదివారం గానీ గడువు మధ్యలో పడితే మామూలు రోజుతో సమానం. చివరి రోజున కోర్టు మూసి ఉంటేనే సెలవు మాట వస్తుంది. క్లియర్ డేస్‌కూ పని రోజులకూ సంబంధం లేదు.

మాజీ_ఎంపీటీసీ
క్లియర్ డేస్ సంగతి నన్నడగండి, ఒళ్ళు మండేలా నేర్చుకున్నాను. మా మండలంలో అవిశ్వాసం పెట్టినప్పుడు పదిహేను క్లియర్ డేస్ ముందు నోటీసు ఇవ్వాలన్నారు. మూడో తారీకున నోటీసు ఇచ్చి పద్దెనిమిదిన మీటింగు పెట్టారు. చూడ్డానికి మూడు నుంచి పద్దెనిమిదికి పదిహేనే కదా అనిపిస్తుంది. కానీ నోటీసు ఇచ్చిన రోజు పోవాలి, మీటింగు రోజూ పోవాలి. నాలుగు నుంచి పదిహేడు దాకా లెక్కపెడితే పద్నాలుగే. ఆ ఒక్క రోజు పట్టుకుని అవతలి వర్గం హైకోర్టుకు వెళ్ళింది, మీటింగు ఆగిపోయింది. పందొమ్మిదిన పెట్టుంటే ఎవడూ నోరెత్తేవాడు కాదు.

బొబ్బిలి_సూరి
రెండు చివర్లా తీసెయ్యాలన్నమాట. మరి జీడి గారి పదిహేను రోజులకు ఒక చివరే తీశారేం?

మాజీ_ఎంపీటీసీ
అక్కడ క్లియర్ అన్న మాట లేదుగా. చట్టం రాసినోళ్ళు కావాలనుకున్న చోట రాశారు.

గంటస్తంభం_వకీలు
అంతే. కంపెనీల చట్టంలో వాటాదారుల మీటింగుకు ఇరవై ఒక్క రోజుల నోటీసు అన్నప్పుడు కూడా క్లియర్ అనే రాశారు, అక్కడా పంపిన రోజు, మీటింగు రోజు రెండూ పోతాయి. మీటింగుకు సిద్ధపడడానికి మనిషికి అన్ని రోజులూ పూర్తిగా దక్కాలన్నది దాని ఉద్దేశం. 138లో అది లేదు. పదిహేనో రోజున కట్టినా చెల్లుతుంది కాబట్టి ఆ రోజు లెక్కలో ఉంటుంది.

ఆమదాలవలస_జంక్షన్
ఈ థ్రెడ్ చదివాక మా ఆవిడ పుట్టిన రోజు కూడా మొదటి రోజు వదిలేసి లెక్కపెడుతున్నా, ఒక ఏడు తగ్గుతుందేమోనని.

రాజాం_స్వాతి
తగ్గదండి, గిఫ్టు కొనెయ్యండి.

టెక్కలి_సోమేశ్
మా బావమరిది కేసులో దీనికి తిరగబడింది. నోటీసు అందిన రోజును కూడా కలుపుకుని పదిహేను రోజులు అయిపోయాయని వాళ్ళ లాయరు మర్నాడే కేసు వేసేశాడు. నిజానికి అది పదిహేనో రోజు, అవతలి మనిషికి ఇంకా సాయంత్రం దాకా టైం ఉంది. తొందరపడి వేసిన కేసు చెల్లదని కొట్టేశారు. ఆలస్యం అయితే తప్పు, ముందు వేస్తే కూడా తప్పా?

గంటస్తంభం_వకీలు
అవునండి, 2014లో యోగేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో ఇది తేలిపోయింది. పదిహేను రోజులు పూర్తి కాకముందు వేస్తే ఆ కంప్లైంటుకు ప్రాణం లేదు. తర్వాత రోజులు గడిచినా దానికి ప్రాణం రాదు. అలా పోయినవాళ్ళకు మళ్ళీ కొత్త కంప్లైంటు వేసుకునే వీలు ఆ తీర్పులోనే ఇచ్చారు, ఆలస్యం మన్నించమని పిటిషన్ పెట్టుకోవాలి. మీ బావమరిది గారి లాయరు అది చూశారా?

టెక్కలి_సోమేశ్
రెండోసారి వేశారు. ఇంకా నడుస్తోంది.

కాశీబుగ్గ_జీడి
నా గడువు 14 అని అర్థమైంది. 14 సంక్రాంతి మంగళవారం. 13 భోగి, 15 కనుమ. మేం తెరిచిన రోజు వేశాం. ఇది గట్టిగా నిలబడుతుందా?

గంటస్తంభం_వకీలు
నిలబడుతుంది. జనరల్ క్లాజెస్ చట్టం పదో సెక్షన్. ఒక కోర్టులోనో ఆఫీసులోనో ఫలానా గడువులోగా చెయ్యాల్సిన పని ఉండి, ఆఖరి రోజున ఆ కోర్టు మూసి ఉంటే, మళ్ళీ తెరిచిన రోజున చేసినా గడువులో చేసినట్టే. కానీ తెరిచిన మొదటి రోజే వెయ్యాలి. రెండో రోజు వేస్తే ఆ రక్షణ పోతుంది. మీరు మొదటి రోజే వేశారు కాబట్టి బతికారు.

పెద్దగుమస్తా
ఇక్కడ మాత్రం నా అనుభవం పనికొస్తుంది, వినండి. సెలవులని నోటితో చెబితే చాలదు. జిల్లా కోర్టు వాళ్ళు ఏడాది మొదట్లో సెలవుల క్యాలెండరు ఇస్తారు, దాని కాపీ జతపరచండి. ఏదైనా సెలవును తర్వాత సర్క్యులర్‌తో మార్చి ఉంటే ఆ కాగితం కూడా పెట్టండి. మీ కంప్లైంటు మీద ఫైలింగ్ ముద్ర ఉంటుంది, దాని తేదీ స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. సగం గొడవలు ముద్ర మసకబారి వచ్చేవే. మసకగా ఉంటే ఫైలింగ్ రిజిస్టరులో ఆ రోజు ఎంట్రీ నకలు తీయించండి.

నెల్లిమర్ల_జూట్
అవతలి లాయరు ఇంకో మాట అనొచ్చు. పండగ రోజుల్లో కూడా రిమాండుకు ఒక మెజిస్ట్రేట్ డ్యూటీలో ఉంటారు కదా, కోర్టు మూసి లేదు అని. పైగా ఈ-ఫైలింగ్ ఇరవై నాలుగు గంటలూ ఉంది. ఇంట్లో కూర్చుని బొబ్బట్లు తింటూ కూడా అప్‌లోడ్ చెయ్యొచ్చు.

గంటస్తంభం_వకీలు
రిమాండు వాదన నిలవదు. ఆయన ఉండేది అరెస్టయిన వాళ్ళను చూడడానికి, ప్రైవేటు కంప్లైంట్లు తీసుకునే కౌంటరు ఆ రోజు ఉండదు. ఈ-ఫైలింగ్ సంగతి వేరు. సెక్షన్ చెబుతున్నది కోర్టు మూసి ఉండడం గురించి, పోర్టల్ గురించి కాదు అని నేను వాదిస్తాను.

నెల్లిమర్ల_జూట్
నేనైతే ఒప్పుకోను. రేపు అన్నీ ఆన్‌లైనే అయ్యాక సెలవు అన్న మాటకే అర్థం ఉండదు. పోర్టల్ తెరిచి ఉంటే కోర్టు తెరిచి ఉన్నట్టే అని ఎవరైనా జడ్జి గారు రాస్తే ఏం చేస్తారు?

గంటస్తంభం_వకీలు
రాస్తే అప్పుడు అప్పీలు చేస్తాం. అందాకా మా ఆఫీసులో ఆఖరి రోజు పండగ అయితే ముందు రోజు ఫైల్ చెయ్యమనే చెబుతున్నా.

వంశధార_ఒడ్డున
మా భూమి దావాలో డిక్రీ మాకు వ్యతిరేకంగా వచ్చింది. మార్చి 3న తీర్పు. జిల్లా కోర్టులో అప్పీలుకు ముప్ఫై రోజులట. నకలు నా చేతికి ఏప్రిల్ 5న వచ్చింది. చేతికి వచ్చిన రోజు నుంచి ముప్ఫై అంటే మే 5 దాకా ఉంది కదా? మొదటి రోజు ఎలాగూ వదిలెయ్యాలి.

రాజాం_స్వాతి
మీది చెక్ కేసు కాదు కాబట్టి లిమిటేషన్ చట్టం పన్నెండో సెక్షన్ చూడాలి. ఆగండి, మీ నకలు వెనక పేజీ మీద ఒక ముద్ర ఉంటుంది. అందులో దరఖాస్తు పెట్టిన తేదీ, డబ్బు కట్టమని పిలిచిన తేదీ, కట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా ఉంటాయి. అవి ఇక్కడ పెట్టండి.

వంశధార_ఒడ్డున
దరఖాస్తు మార్చి 10. డబ్బు కూడా అదే రోజు కట్టాను. తయారైంది మార్చి 24. ఇచ్చింది ఏప్రిల్ 5. పెళ్ళి పనుల్లో ఉండి తీసుకోవడానికి వెళ్ళలేదు.

రాజాం_స్వాతి
అయితే తొందరపడండి. తీర్పు రోజు వదిలేసి ముప్ఫై రోజులు లెక్కపెడితే ఏప్రిల్ 2. నకలు తయారు చెయ్యడానికి కోర్టుకు పట్టిన రోజులు, అంటే మార్చి 10 నుంచి 24 దాకా, పదిహేను రోజులు మీకు కలుస్తాయి. అప్పుడు ఏప్రిల్ 17 అవుతుంది. 24 నుంచి ఏప్రిల్ 5 దాకా కాగితం అక్కడ సిద్ధంగా ఉన్నా మీరు తీసుకోని రోజులు మీ ఖాతాలోకే వెళ్తాయి.

వంశధార_ఒడ్డున
అయ్యబాబోయ్. ఈ రోజు ఏప్రిల్ 11. రేపే లాయరు గారి దగ్గరకు వెళ్తాను.

పెద్దగుమస్తా
రేపు రెండో శనివారం బాబూ. లాయరు గారి ఇంటికి వెళ్ళు.

నాగావళి_బ్యాంక్
బ్యాంకులో పని చేస్తాను. ఇందాకటి నుంచి చదువుతున్నా, అందరూ జనవరి చుట్టూ తిరుగుతున్నారు, అక్టోబరు ఎవరూ అడగలేదు. జీడి గారూ, చెక్ ఎప్పుడు తిరిగొచ్చింది, మీకు ఎప్పుడు తెలిసింది, నోటీసు ఏ రోజు పోస్టు చేశారు? మూడు తేదీలూ చెప్పండి.

కాశీబుగ్గ_జీడి
చెక్ తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో నేను బ్రాంచికి వెళ్ళి తీసుకున్నది అక్టోబరు 28, సోమవారం. నోటీసు పోస్టు చేసింది నవంబరు 25. నవంబరు 27 దాకా టైం ఉంది కదా, రెండు రోజుల ముందే పంపాం.

నాగావళి_బ్యాంక్
మెమో మీద ప్రింటయిన తేదీ?

కాశీబుగ్గ_జీడి
24-10-2024. కానీ నాకు అందింది 28నే. నాన్నగారి ఫోనుకు 24న ఏదో మెసేజ్ వచ్చిందన్నారు, చెక్ రిటర్న్ అయిందని. కారణం ఏమీ లేదందులో.

నాగావళి_బ్యాంక్
నేను భయపడింది అదే. 24 నుంచి లెక్కపెడితే ముప్ఫైయో రోజు నవంబరు 23. మీరు 25న పోస్టు చేశారు.

గంటస్తంభం_వకీలు
ఇది పట్టుకున్నందుకు నాగావళి గారికి దండం. జీడి గారూ, మీ కేసులో అసలు బలహీనత జనవరిలో లేదు, ఇక్కడుంది.

ముప్ఫై రోజులు మెమో మీద ప్రింటయిన తేదీ నుంచి లెక్కపెట్టరు. చెక్ తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన రోజు నుంచి లెక్క. 2001లో మునోత్ ఇన్వెస్ట్‌మెంట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కాబట్టి మెమో 24ది అయినా మీరు 28న తీసుకున్నారంటే 28 వదిలేసి నవంబరు 27 దాకా వస్తుంది. అంతవరకు మీరు బాగానే ఉన్నారు.

కానీ చట్టంలో సమాచారం అన్నారే గానీ మెమో అనలేదు, కాగితం అని కూడా అనలేదు. నాన్నగారి ఫోనుకు వచ్చిన మెసేజ్ బ్యాంకు ఇచ్చిన సమాచారమే అని అవతలి ఆయన పట్టుకుంటే రెండు రోజులు దాటినట్టవుతుంది. కేసు వెయ్యడంలో ఆలస్యం అయితే తగిన కారణం చూపించి మన్నించమని అడగొచ్చు, ఆ వీలు 2003 నుంచి ఉంది. నోటీసు ముప్ఫై రోజుల్లో పంపకపోతే దాన్ని మన్నించే అధికారం కోర్టుకు చట్టం ఇవ్వలేదు.

కాశీబుగ్గ_జీడి
ఇది చదివి చేతులు చల్లబడ్డాయి. నవంబరు 23 శనివారం, 24 ఆదివారం. ఆఖరి రోజు సెలవు అని అక్కడ కూడా చెప్పుకోలేమా? సోమవారం పంపాం కదా.

నాగావళి_బ్యాంక్
23 నాలుగో శనివారం, మా బ్యాంకుకు సెలవు. కానీ నోటీసుతో బ్యాంకుకు పనేముంది? పోస్టాఫీసు ఆ శనివారం పని చేస్తుంది.

గంటస్తంభం_వకీలు
సరిగ్గా చెప్పారు. అసలు నోటీసు పంపడం కోర్టులోనో ఆఫీసులోనో చెయ్యాల్సిన పని కాదని వాదిస్తారు, అందుకే పదో సెక్షన్ అక్కడికి రావడమే కష్టం. వచ్చినా పోస్టాఫీసు తెరిచే ఉంది కాబట్టి మీకు ఒరిగేదేమీ లేదు.

మీ దారి వేరు. ఖాతా ఎవరి పేరు మీద ఉంది?

కాశీబుగ్గ_జీడి
సంస్థ పేరు మీద. నేను ప్రొప్రయిటర్. ఫోన్ నంబరు మాత్రం నాన్నగారిది, ఖాతా తెరిచిన రోజుల్లో ఆయన నంబరే ఇచ్చాం.

గంటస్తంభం_వకీలు
అయితే నాన్నగారికి అందింది, నాకు అందలేదు అన్న వాదన మీకుంది. సమాచారం అందాల్సింది చెక్ ఎవరి పేరున ఉందో వాళ్ళకు. మీరు కంప్లైంటులో 28న మెమో తీసుకున్నానని రాశారు కదా, దాన్ని తప్పని చూపించాల్సిన బరువు అవతలి వైపు ఉంటుంది. మెమో తీసుకున్నప్పుడు బ్రాంచి రిజిస్టరులో సంతకం చేసి ఉంటే ఆ పేజీ నకలు ఇప్పుడే సంపాదించండి.

పెద్దగుమస్తా
నా మాట వింటే ఆలస్యం మన్నింపు పిటిషన్ కూడా ఒకటి జనవరి లెక్క గురించి పడేసి ఉంచండి. ఉంటే పోయేదేముంది?

గంటస్తంభం_వకీలు
అది నేను వెయ్యనండి. వేస్తే గడువు దాటిందని మనమే ఒప్పుకున్నట్టు అవతలి ఆయన వాడుకుంటాడు. పైగా కేసు నంబరై సమన్లు వెళ్ళాక ఇప్పుడు మన్నింపు అడిగితే, అది ముందే అడగాల్సింది అంటారు.

పెద్దగుమస్తా
గడువు దాటలేదనే మా వాదన, కోర్టు వారు దాటిందనుకుంటే మాత్రమే ఇది చూడండి అని రాసి వేసినవి నా బల్ల మీదుగా ఎన్నో వెళ్ళాయి. ఒప్పుకున్నట్టు ఎవరూ అనలేదు.

రాజాం_స్వాతి
నేను పెద్దగుమస్తా గారి వైపు. సమన్లు వెళ్ళకముందు అయితే ఇంకా బాగుండేది, ఆ మాట నిజమే.

టెక్కలి_సోమేశ్
జీడి గారూ, ఆ మెసేజ్ ఇంకా నాన్నగారి ఫోనులో ఉందా?

కాశీబుగ్గ_జీడి
ఆ ఫోను మారింది. కానీ బ్యాంకు దగ్గర పంపినట్టు రికార్డు ఉంటుందేమో కదా. దాచాలని నాకు లేదు, అడిగితే ఉన్నదున్నట్టే చెబుతాను. వాయిదా వచ్చే గురువారం. రిజిస్టరు పేజీ కోసం రేపు సెలవు కాబట్టి సోమవారం బ్రాంచికి వెళ్తున్నాను.

నాగావళి_బ్యాంక్
ఈ సోమవారం ఏప్రిల్ 14, అంబేడ్కర్ జయంతి. మంగళవారం వెళ్ళండి. మేనేజరుకు రాతపూర్వకంగా అడిగి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.